తొలి కూర్పా, వట్టి పాత ప్రతా?

తాతగారి ట్రంకుపెట్టెలో ‘కన్యాశుల్కం’ ప్రతి ఒకటి దొరికిందనుకుందాం. పై అట్ట లేదు. ముఖపత్రం ఎప్పుడో ఊడిపోయింది. కాగితం గోధుమరంగుకు తిరిగింది. లోపల ఇంగ్లీషులో ఉన్న పీఠికలో 1897 అనే సంవత్సరం కనిపిస్తోంది. గురజాడ అప్పారావు ఆ నాటకాన్ని తొలిసారి అచ్చు వేయించింది ఆ ఏడాదే. ఇంకేముంది, ఇంట్లో లక్షల లెక్కలు మొదలవుతాయి.

ఆ లెక్కలు మొదలెట్టే ముందు అంకాలు లెక్కపెట్టాలి. 1897 నాటి కన్యాశుల్కంలో ఐదే అంకాలు. మనం చదివి, చూసి, నవ్వుకున్న ఏడంకాల కన్యాశుల్కం 1909లో వచ్చిన రెండో కూర్పు. గురజాడ దాన్ని అక్కడక్కడా దిద్ది వదిలెయ్యలేదు, దాదాపు తిరగరాశారు. ఆ తర్వాత వచ్చిన ముద్రణలన్నీ ఈ రెండో కూర్పును అనుసరించినవే. కాకపోతే చాలామంది ప్రచురణకర్తలు రెండు కూర్పుల పీఠికలనూ ముందు వేసుకుంటూ వచ్చారు. అందుకే పీఠికలో 1897 ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఆ పీఠిక 1950లలో అచ్చయిన పుస్తకంలోనూ ఉంటుంది, నిన్న కొన్న పుస్తకంలోనూ ఉంటుంది.

సరే, లెక్కపెడితే ఐదే అంకాలు వచ్చాయనుకుందాం. అప్పుడైనా పండగ చేసుకోవచ్చా? ఇంకో మెట్టు మిగిలే ఉంది. మరుగున పడిపోయిన ఆ తొలి పాఠాన్ని బంగోరె వెతికి పట్టుకుని, 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్లీ అచ్చు వేయించారు. పాఠం 1897ది, పుస్తకం 1969ది. సాహిత్య పరిశోధకుడికి ఆ రెంటిలో ఏది దొరికినా పని జరుగుతుంది. పాత పుస్తకాలు సేకరించేవాడు డబ్బు పెట్టేది పాఠానికి కాదు, ఆ ఏడాది ఆ ప్రెస్సులోంచి బయటికి వచ్చిన కాగితానికి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా విషయమంతా సులువుగా అర్థమవుతుంది.

ముఖపత్రం లేని పుస్తకానికి వయసు ఎలా కట్టాలి? అన్నిటికంటే ముందు వెల చూడాలి. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. వెల రూపాయి అర్ధణాల్లోనో, 1-8-0 అన్న పద్ధతిలోనో ఉంటే ఆ పుస్తకం సాధారణంగా ఆ తేదీకి ముందుదే. ‘న.పై.’ అని నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్య అచ్చయిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు, ఎందుకంటే 1964 జూన్‌లో ఆ ‘నయా’ అన్నమాట తీసేశారు. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ‘ఆంధ్రప్రదేశ్’ అన్న పేరు కనిపిస్తే 1956 నవంబరుకు ముందుది కావడం కష్టం. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా తొలిసారి వచ్చింది 1950లో. ఎవరైనా అది తొలి ముద్రణ అంటూ చూపించిన ప్రతి మీద వెల పైసల్లో ముద్రించి ఉంటే ఆ బేరం అక్కడితో ఆపెయ్యొచ్చు. వెల అన్నది ముద్రించినదా, తర్వాత రబ్బరు స్టాంపుతో వేసినదా, కాగితం ముక్క అంటించినదా అన్నది మాత్రం చూసుకోవాలి. అమ్ముడుపోని పాత ప్రతుల మీద కొత్త ధర వెయ్యడం మన ప్రచురణకర్తలకు మామూలే. అంటించిన చీటీ కింద అసలు వెల దాగి ఉండొచ్చు.

తర్వాత వేళ్లకు పని చెప్పాలి. 1970ల దాకా తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి కంపోజు చేసినవే. ఆ అక్షరం కాగితాన్ని ఒత్తుతుంది. పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసినా, వెనక వైపు వేలితో మెల్లగా తడిమినా ఆ ఒత్తిడి తెలుస్తుంది. ఒక్కో అక్షరం విరిగి ఉంటుంది, ఒక్కోచోట వరుస కొంచెం పైకో కిందికో జరిగి ఉంటుంది. ఆఫ్‌సెట్ అచ్చు చదునుగా ఉంటుంది. పాత పుస్తకాన్ని ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు ప్రతుల్లో విరిగిన అక్షరం కూడా యథాతథంగా కనిపిస్తుంది కానీ వేలికి ఏమీ తగలదు. ఈ మధ్య ఇంటర్నెట్‌లో ఉన్న స్కాన్లను తీసుకుని అడిగినవాళ్లకు ఒక్కో ప్రతి అచ్చు వేసి ఇచ్చే వ్యాపారం పెరిగింది. వాటిని అమ్మే పేజీలో ‘1897’ అనే రాసి ఉంటుంది. వాటి విలువ కాగితం ఖర్చు, అంతే.

సీసపు అక్షరాల కాలంలో ఇంకో సంగతి మనకు కలిసొస్తుంది. ఏ ప్రెస్సులోనూ ఒక పుస్తకం మొత్తాన్ని కంపోజు చేసి అట్టే ఉంచేసేంత టైపు ఉండేది కాదు. కొన్ని ఫారాలు కంపోజు చేసి, అచ్చు తీసి, అక్షరాలను విప్పి మళ్లీ గళ్లలో వేసేసుకుని, ఆ టైపుతోనే తర్వాతి ఫారాలు కంపోజు చేసేవాళ్లు. అందువల్ల రెండో ముద్రణ అంటే చాలాసార్లు మొదటి నుంచి మళ్లీ కంపోజు చెయ్యడమే. కొత్త కంపోజింగు అంటే కొత్త అచ్చుతప్పులు, వేరే చోట విరిగే పంక్తులు, వేరే పేజీల సంఖ్య. మీ దగ్గరున్న ప్రతికి 214 పేజీలుండి, తొలి ముద్రణకు 196 పేజీలని ఎక్కడైనా నమోదై ఉంటే అది తొలి ముద్రణ కాదని అక్కడే తేలిపోతుంది.

ఎక్కడ నమోదై ఉంటుంది అంటారా? 1867లో వచ్చిన 25వ నంబరు చట్టం పుణ్యమా అని. ఆ చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరూ ఊరూ, ప్రచురణకర్త పేరూ ఊరూ ఉండాల్సి ఉండేది. కొన్ని ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఆ పుస్తకాల జాబితా వెయ్యాల్సి ఉండేది. ఆ జాబితాలో పుస్తకం పేరు, రచయిత, భాష, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత అన్నవన్నీ ఉండాలని చట్టమే చెప్పింది. తెల్లవాళ్లు ఇది మన సాహిత్యం మీద ప్రేమతో చేసిందేమీ కాదు. 1857 తిరుగుబాటు తర్వాత ఎవరు ఏం రాస్తున్నారో కనిపెట్టి ఉండటం వాళ్లకు అవసరమైంది. ఉద్దేశం ఏదైనా మద్రాసు రాజధానిలో అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఈ త్రైమాసిక జాబితాలంత పక్కా సాక్ష్యం మరొకటి లేదు. వాటి ప్రతులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ముద్రాపకుడి పేరు అప్పట్లో తప్పనిసరి కాబట్టి అది ముఖపత్రం అడుగునో, చివరి పేజీ అడుగునో దొరుకుతుంది. ముందు పేజీలు పోయిన పుస్తకాన్ని చివరి నుంచి తిరగెయ్యడం అందుకే మంచిది.

ఇంగ్లీషు పుస్తకాలకు దారి వేరు. ఈ మధ్య కాలపు పుస్తకాల్లో ముఖపత్రం వెనక 10 9 8 7 6 5 4 3 2 1 అంటూ ఒక అంకెల వరుస ఉంటుంది. కొత్త ముద్రణ వేసినప్పుడల్లా అందులో చిన్న అంకెను తీసేస్తారు. వరుసలో 1 ఉంటే మామూలుగా మొదటి ముద్రణ, చిన్న అంకె 4 అయితే నాలుగోది. 1997లో వచ్చిన తొలి హ్యారీ పాటర్ పుస్తకం గట్టి అట్ట ప్రతులు మొదటి ముద్రణలో 500 మాత్రమే వేశారు. వాటిని ఈ అంకెల వరుసతో పాటు 53వ పేజీలో జాబితాలో ‘1 wand’ రెండుసార్లు పడిన తప్పుతోనూ గుర్తుపడతారు. ఇలాంటి తప్పు అచ్చులోనే ఉంటుంది కాబట్టి అట్ట మార్చి మోసం చేసినా దొరికిపోతారు.

ఠాగూరు ఇంగ్లీషు గీతాంజలి ఈ విషయంలో మంచి పాఠం. మన ఇళ్లలో పాత ఇంగ్లీషు పుస్తకం అంటే చాలాసార్లు అదే ఉంటుంది. చాలామంది దగ్గర ఉండేది మాక్మిలన్ కంపెనీ వేసిన ప్రతి. అందులో 1913 అని ఉంటుంది, ఆ ఏడాదే నోబెల్ వచ్చింది, కాబట్టి ఇది తొలి ప్రతి అనుకుంటారు. నిజానికి దానికి ముందే 1912లో లండన్‌లోని ఇండియా సొసైటీ చిస్విక్ ప్రెస్సులో 750 ప్రతులు మాత్రం వేయించింది. అందులో అమ్మకానికి పెట్టినవి 250. ఆ సంగతి పుస్తకంలోనే అచ్చయి ఉంది. మొదట్లో రోథెన్‌స్టైన్ గీసిన ఠాగూరు బొమ్మ ఉంటుంది. మాక్మిలన్ ముద్రణ 1913 మార్చిలో మొదలై అదే ఏడాదిలో పదేపదే జరిగింది. ముఖపత్రం వెనక ఆ నెలలన్నీ వరుసగా వేసి ఉంటాయి. ఆ వరుసలో ఆఖరి నెల ఏదో అదే మీ ప్రతి పుట్టిన నెల. మొదటి తేదీ చూసి మురిసిపోయేవాళ్లు ఆఖరి తేదీ చూడరు, పాత పుస్తకాల వ్యాపారంలో సగం అపార్థాలు ఇక్కడే పుడతాయి.

ఇక బైండు సంగతి. పాశ్చాత్య పుస్తకాల వర్ణనల్లో ఫుల్ లెదర్, హాఫ్ లెదర్, క్వార్టర్ లెదర్ అన్న మాటలు కనిపిస్తాయి. అట్టంతా తోలు కప్పితే ఫుల్, వెన్నుకూ మూలలకూ మాత్రం తోలు వేస్తే హాఫ్, వెన్నుకు మాత్రమే వేస్తే క్వార్టర్. మిగతా చోట గుడ్డో, రంగులు కలిసిపోయినట్టుండే అబ్రి కాగితమో ఉంటుంది. తెలుగులో ఇలాంటివి జమీందార్ల గ్రంథాలయాల నుంచి బయటపడ్డవి తప్ప తక్కువ. మన పుస్తకాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పల్చటి కాగితపు అట్ట వేసిన సాదా ప్రతి. రెండోది గట్టి అట్టకు గుడ్డ అంటించిన క్యాలికో బైండు. పాత పుస్తకాల వెనక ప్రకటనల్లో ‘సాదా’కు ఒక ధర, ‘క్యాలికో’కు ఇంకో ధర వేసేవాళ్లు. రెండూ అసలైనవే, ఏది పోయినా అసలు పోయినట్టే.

కుట్టు చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. ఫారాన్ని మడిచి మడత మధ్యలోంచి దారం పోనిచ్చి కుట్టిన పుస్తకం పూర్తిగా విచ్చుకుంటుంది, వెన్ను విరగదు. ఫారాలన్నీ దొంతరగా పెట్టి అంచుకు దగ్గర్లో పై నుంచి కిందకు పొడిచి కుట్టేది పక్క కుట్టు. చవగ్గా అయిపోతుందని మన దగ్గర ఎక్కువగా వాడింది ఇదే. పుస్తకం సగమే తెరుచుకుంటుంది, లోపలి అక్షరాలు కుట్టులోకి పోతాయి, బలవంతంగా తెరిస్తే పెళుసు కాగితం కుట్టు వెంబడి విరిగిపోతుంది. ఇనప తీగ పిన్నులు కొట్టినవైతే తుప్పు కాగితాన్ని తినేస్తుంది. గమ్ముతో మాత్రమే అంటించిన ఈ కాలపు పేపర్‌బ్యాకులో గమ్ము ఎండిపోగానే కాగితాలు ఒక్కొక్కటే ఊడి వస్తాయి.

తెలుగు పుస్తకాల విలువను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసింది చెద కాదు, తిరుగు బైండు అని నా అభిప్రాయం. గ్రంథాలయాల్లోనూ ఇళ్లలోనూ పుస్తకం కాస్త వదులైతే బైండరు దగ్గరికి పంపేవాళ్లు. ఆయన పాత అట్టను చింపి పారేసి, పక్క కుట్టు వేసి, మూడు వైపులా కత్తిరించి, మందపాటి అట్టకు రెక్సిన్ వెన్ను వేసి ఇచ్చేవాడు. పుస్తకం ఇంకో ముప్పై ఏళ్లు పాఠకులకు ఉపయోగపడేది, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ అట్ట మీది బొమ్మ పోయింది. అట్ట లోపలి వైపూ వెనకా ఉండే ప్రకటనలూ, వెలా పోయాయి. ఒక్కోసారి రెండు మూడు వేర్వేరు పుస్తకాలను కలిపి ఒకే సంపుటంగా కుట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. మీ ప్రతి తిరుగు బైండుదా కాదా తెలుసుకోవాలంటే, ఇప్పటి కుట్టుకు పక్కన దారం లేని పాత రంధ్రాల వరుస ఉందేమో చూడండి. పై అంచు పేజీ అంకెల మీదికి వచ్చిందేమో, పక్కన ఎవరో పెన్సిలుతో రాసుకున్న మాటలు సగంలో తెగిపోయాయేమో చూడండి. ఈ రెంటిలో ఏది కనిపించినా కత్తెర పడ్డట్టే.

ప్రతి స్థితిని బట్టి ధర ఎంత మారుతుందో బయటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. ‘గ్రేట్ గాట్స్‌బీ’ నవల 1925 నాటి తొలి ముద్రణకు పైన చుట్టిన కాగితపు డస్ట్ జాకెట్ ఉంటే ఒక ధర, లేకపోతే అందులో చిన్న భాగం. చదివేవాడికి ఎందుకూ పనికిరాదని చాలామంది పారేసిన కాగితం కాబట్టే ఆ గిరాకీ. ఇంగ్లీషు వ్యాపారులు స్థితిని ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అంటూ మెట్లు మెట్లుగా చెబుతారు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వాళ్ల లెక్కలో ‘గుడ్’ అంటే బాగుందని కాదు. పేజీలన్నీ ఉన్నాయి, మిగతా విషయాల్లో నలిగిపోయిందని. ‘ఎక్స్ లైబ్రరీ’ అంటే స్టాంపులూ, నంబర్లూ, చీటీ సంచీ ఉన్నాయని.

తెలుగు పుస్తకాలకు ఈ కొలతలు యథాతథంగా పెడితే ఏ పుస్తకమూ నిలవదు. మన పుస్తకాలు అచ్చయినదే పుల్లకాగితం మీద. చెక్కగుజ్జుతో చేసి, సిరా పీల్చకుండా పటికా రజనం కలిపిన కాగితంలో ఆమ్లం పుట్టి, ఏళ్ల తరబడి అది కాగితాన్ని లోపలి నుంచి కాల్చేస్తుంది. వేడీ తేమా ఉన్న మన ఊళ్లలో ఇంకా త్వరగా కాలుస్తుంది. మూల మడిస్తే పొడిగా విరిగిపడే స్థితి అదే. కొత్త ప్రతి వచ్చిందని సంబరంగా మడిచి పరీక్ష చెయ్యకండి, చూపుతోనే తెలుస్తుంది, అంచులు ముదురు గోధుమ, మధ్య లేత గోధుమ. దీనికి తోడు తేమ వల్ల వచ్చే తుప్పురంగు చుక్కలు, గోధుమ జిగురు కోసం వచ్చే పురుగులు. రామబాణం పురుగు అట్ట నుంచి అట్ట దాకా సన్నటి సొరంగం తొలుస్తుంది. ఆ రంధ్రం అంచుల్లో ఉంటే ధర కొంత తగ్గుతుంది, అక్షరాల్లోంచి పోతే బాగా తగ్గుతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం మాత్రం పేజీ లేకపోవడం. అందుకే ప్రతి పేజీనీ లెక్కపెట్టాలి, అంకె వెయ్యని పేజీలతో సహా. మొదటి ముఖచిత్రం, మధ్యలోని ఫొటోలు విడిగా అచ్చు వేసి అతికించేవాళ్లు కాబట్టి వాటికి పేజీ అంకె ఉండదు, పోయినా తెలియదు. బొమ్మల పట్టిక ఉంటే దానితో సరిచూడాలి. ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె వేసే అలవాటు చాలా ప్రెస్సులకు ఉండేది. ఆ అంకెల వరుసలో ఒకటి లేదంటే ఒక ఫారమే లేనట్టు. చివర్లో తప్పొప్పుల పట్టిక కూడా పుస్తకంలో భాగమే.

యజమాని సంతకం, బహుమతిగా ఇస్తూ రాసిన మాట ఉంటే లోపమా, అదనమా? రాసింది ఎవరన్నదాన్ని బట్టి. ఎవరో పేరు తెలియనివారు బాల్‌పెన్నుతో రాసుకున్నదైతే కాస్త లోపమే. రచయిత తన స్నేహితుడికి రాసిచ్చినదైతే, ఆ స్నేహితుడు కూడా సాహిత్యంలో తెలిసిన మనిషైతే, రెండో ముద్రణ ప్రతి కూడా తొలి ముద్రణను మించిపోవచ్చు. తొలిది కాకపోయినా సేకర్తలు వెతికేవి ఇంకా ఉన్నాయి. 1981లో లండన్ నుంచి శ్రీశ్రీ సొంత దస్తూరీతో వచ్చిన మహాప్రస్థానం అలాంటిది.

ఇంత చూశాక ధర సంగతి. వయసుకు ధర రాదు. నూరేళ్ల నాటి రామాయణ భారతాలు, పంచాంగాలు, పాఠ్యపుస్తకాల్లో చాలావాటికి కొనేవాడే ఉండడు, ఎందుకంటే వేల ప్రతులు మిగిలాయి, కావాలని అడిగేవాళ్లు తక్కువ. అడిగేవాళ్లు ఎక్కువై, ప్రతులు తక్కువైతేనే ధర. ఆన్‌లైన్‌లో ఎవరో అడుగుతున్న రేటు మార్కెట్టు రేటు కాదు. అమ్ముడుపోయిన రేటే రేటు. తెలుగు పుస్తకాలకు నమోదయ్యే వేలాలు అరుదు కాబట్టి ఇద్దరు ముగ్గురు వ్యాపారులను, వీలైతే ఒక సేకర్తను విడివిడిగా అడగడం తప్ప వేరే దారి లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పుస్తకాలు పరిచేవాళ్లలో కొందరికి పండితులకు తెలియని సంగతులు తెలుసు, వాళ్లను తక్కువ అంచనా వెయ్యకండి.

అమ్మే ఉద్దేశం ఉన్నా లేకున్నా కొన్ని పనులు చెయ్యకుండా ఉండటమే మేలు. చిరిగిన పేజీకి సెలోటేపు వెయ్యొద్దు. నాలుగైదేళ్లలో దాని జిగురు పసుపురంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ మరక తియ్యడం నిపుణులకూ కష్టం. అట్టకు లామినేషన్ చేయించొద్దు. కొత్తగా కనిపించాలని బైండరుకు ఇవ్వొద్దు. ఊడిన అట్టను, విడిపోయిన కాగితాలను ఒక్క ముక్క కూడా పారెయ్యకుండా తెల్ల కాగితంలో చుట్టి, నూలు నాడాతో వదులుగా కట్టి, పొడిగా ఉండే చోట పెడితే చాలు.

చివరగా ఒక మనవి. పుస్తకం చిన్న ఊరి ప్రెస్సులో అచ్చయినదీ, రచయిత పేరు ఎక్కడా వినిపించనిదీ అయితే అమ్మే ముందు archive.org లో దాని పేరు వెతకండి. తెలుగు పాత పుస్తకాలు వేల సంఖ్యలో అక్కడ స్కాన్లుగా ఉన్నాయి. మీ ప్రతి ఏ ముద్రణో సరిపోల్చుకోవడానికి కూడా అవి పనికొస్తాయి. అక్కడ లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయంలో ఉందేమో అడగండి. అక్కడా లేదంటే ముందు దాన్ని స్కాన్ చేయించి, ఆ తర్వాత అమ్ముకోండి.